మంచినీళ్ల సర్వే: ఫారాల లెక్క, తేలని గుర్తులు

అన్నా, కాలనీ ఫారాల లెక్క అయిపోయింది. నువ్వు పంపినవి 64 ఫొటోలు. వాటిలో 3 ఒకే ఫారాన్ని రెండోసారి తీసినవి, 58వ ఫొటో అదిరిపోయి అక్షరం కూడా కనపడట్లేదు. అవి తీసేస్తే మిగిలింది 60 ఫారాలు. కింద నంబర్లన్నీ ఫొటో నంబర్లే.

| ప్రశ్న | జవాబు | లెక్క |
|---|---|---|
| 1. తాగే నీళ్లు (ఒక్కటే) | పంచాయతీ కుళాయి | 17 |
| | ప్లాంటు క్యాన్ | 33 |
| | సొంత బోరు | 6 |
| | ఖాళీ | 1 |
| | తేలనివి | 3 |
| 2. కుళాయి ఎప్పుడెప్పుడు (ఒక్కటే) | రోజూ | 11 |
| | రోజు విడిచి రోజు | 38 |
| | ఇంకా ఆలస్యంగా | 7 |
| | ఖాళీ | 2 |
| | తేలనివి | 2 |
| 3. ఇబ్బంది (ఎన్నైనా) | రంగు | 29 |
| | ఉప్పదనం | 22 |
| | వాసన | 14 |
| | ధార సన్నం | 35 |
| | ఖాళీ ఫారాలు | 4 |
| | తేలనివి | 1 |
| 4. ఏ వేళ కావాలి (ఒక్కటే) | పొద్దున 5–6 | 9 |
| | పొద్దున 6–7 | 34 |
| | సాయంత్రం 5–6 | 12 |
| | ఖాళీ | 3 |
| | తేలనివి | 2 |

మూడో ప్రశ్నలో ఒక్కో ఇల్లు రెండు మూడు పెట్టింది కాబట్టి ఆ అంకెలు కలిపితే 60 రాదు, కంగారు పడకు. రెండో ప్రశ్న ఖాళీగా వదిలిన ఇద్దరూ సొంత బోరు వాళ్లే.

తేలనివి ఎవరి ఖాతాలోనూ వేయలేదు. 9లో కుళాయి, క్యాన్ రెండింటికీ టిక్కు ఉంది, అదే ఫారంలో నాలుగో ప్రశ్నకీ పొద్దున రెండు వేళలూ పెట్టారు. 22లో మొదటి ప్రశ్న టిక్కు సరిగ్గా రెండు గడుల మధ్య గీత మీద పడింది, తోక కిందికి జారింది గానీ మొదలు పై గడిలో ఉంది. 36 వాళ్లు మొదటి ప్రశ్నకే రెండు గడుల్లో టిక్కు పెట్టి పక్కన "వానాకాలం", "ఎండాకాలం" అని రాశారు, అది నిజమైన జవాబే, మనం అడిగిన తీరులోనే దానికి చోటు లేదు. 18లో రెండో ప్రశ్నకి రెండు గడుల్లో ఇంటూ కొట్టి "రోజూ" ఖాళీగా వదిలారు. మిగతా ప్రశ్నలకి టిక్కులే పెట్టారు కాబట్టి ఇంటూ అంటే "కాదు" అనుకోవచ్చు, కానీ అనుకోవడం వేరు, లెక్కలో వేయడం వేరు. 5వ ఫారంలో మాత్రం అన్ని ప్రశ్నలకీ ఇంటూలే, ఒక్కోదానికి ఒక్కటే, కనుక టిక్కుగానే తీసుకున్నా. 41లో కుళాయి టిక్కు కొట్టేసి క్యాన్‌కి పెట్టారు, అది క్యానే.

27లో మూడో ప్రశ్నకి "రంగు" గడిలో చిన్న చుక్క తప్ప ఇంకేమీ లేదు, పెన్ను ఆనించి వదిలేశారో ఏమో. 44లో నాలుగో ప్రశ్న టిక్కు కొట్టేసి మళ్లీ ఏదీ పెట్టలేదు. 33 వాళ్లు ఏ గడీ ముట్టకుండా అంచున "తుప్పు రంగు నీళ్లు" అని రాశారు, లెక్కలో ఖాళీయే, కానీ ఆ మాట పంచాయతీకిచ్చే అర్జీలో పెడదాం.

పట్టికలో తేలనివి ఎనిమిదీ ఎటు పోయినా ఏ ప్రశ్నలోనూ ముందున్నది మారదు. అయినా 54లో రెండో ప్రశ్న మీద నీ బొటనవేలు పడి టిక్కు కొస మాత్రమే కనిపిస్తోంది, అదీ, 58దీ పగటి వెలుగులో మళ్లీ తీసి పంపు, పట్టికలో కలిపేస్తా.