సీఏ ఫైనల్ పరీక్షలకు సెలవు కోరుతూ లేఖ

గుంటూరు,
2025 జులై 3.

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

విషయం: సీఏ ఫైనల్ పరీక్షల కోసం 2025 జులై 21 నుంచి సెప్టెంబరు 14 వరకు సెలవు కోరుతూ.

సార్,

ఈ సెప్టెంబరులో సీఏ ఫైనల్ రెండు గ్రూపులూ రాయాలనుకుంటున్నాను. అందుకోసం జులై 21 సోమవారం నుంచి సెప్టెంబరు 14 ఆదివారం వరకు, మొత్తం ఎనిమిది వారాలు సెలవు ఇప్పించమని కోరుతున్నాను. సెప్టెంబరు 15 సోమవారం ఉదయం మామూలుగా ఆఫీసుకు వస్తాను.

ఈ ఎనిమిది వారాల్లో ఆగస్టు 31 వరకు ఆరు వారాలు ప్రిపరేషన్‌కు. తర్వాతి రెండు వారాలు పరీక్షలవి. ఐసీఏఐ ప్రకటించిన తేదీలు ఇవి:

గ్రూప్ 1: సెప్టెంబరు 3 (బుధ), 6 (శని), 8 (సోమ)
గ్రూప్ 2: సెప్టెంబరు 10 (బుధ), 12 (శుక్ర), 14 (ఆది)

మధ్యాహ్నం 2 గంటలకు మొదలై 5 గంటలకు ముగుస్తాయి. చివరి పేపరు మాత్రం నాలుగు గంటలు, సాయంత్రం 6 దాకా ఉంటుంది. మధ్యాహ్నం పరీక్షే కదా, ఖాళీ రోజుల్లో పొద్దున ఓ రెండు గంటలు వచ్చి వెళ్లవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కానీ మొదటి రెండు పేపర్ల మధ్య తప్ప మిగతా అన్నిటి మధ్యా ఖాళీ ఒక్కరోజే. ఆ ఒక్కరోజులో డైరెక్ట్ ట్యాక్స్ మొత్తం ఒకసారి తిరగేయాలి. ఆఫీసుకు వచ్చినా మనసు పుస్తకం మీదే ఉంటుంది, అటు పనీ అవదు, ఇటు చదువూ అవదు.

ఆరు వారాలు ఎందుకో కూడా చెప్పాలి. మొదటి రెండు వారాలు ఫైనాన్షియల్ రిపోర్టింగ్, అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్. మూడో వారం ఆడిట్. నాలుగు, ఐదు వారాలు డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ ట్యాక్సులు. ఆరో వారమంతా గడియారం పెట్టుకుని మాక్ పేపర్లు రాయడమే. ఆరో పేపరు పుస్తకం చూసి రాసేది, దానికి విడిగా రోజులు పెట్టుకోలేదు. పాఠాలన్నీ ఒకసారి పూర్తయ్యాయి. రాత్రుళ్లు ఇంటికెళ్లి చదువుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు కావాల్సింది రివిజన్, అది ముక్కలు ముక్కలుగా చేస్తే కుదరదు.

ఒక్కో గ్రూపే రాసుకోవచ్చు కదా అని పోయినసారి మీరు అడిగారు. ప్రతి పేపరులో 40 మార్కులు, గ్రూపులో మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు గ్రూపులూ కలిపి రాస్తే ఆ 50 శాతాన్ని ఆరు పేపర్ల మొత్తం మీద కూడా చూస్తారు. ఒక గ్రూపులో మార్కులు కాస్త తగ్గినా రెండోది ఆదుకుంటుంది. పైగా విడివిడిగా రాస్తే మళ్లీ ఇంకో సెలవు అడగాలి. జనవరికి వాయిదా వేస్తే తర్వాత కొత్త మిర్చి పంట యార్డుకు వచ్చే రోజులు, అప్పుడు మీరు ఇవ్వలేరు, నేను అడగలేను. ఆగస్టులో కోల్డ్ స్టోరేజీల నుంచి టిక్కీలు బయటికి వెళ్లడమే తప్ప కొత్త కొనుగోళ్ల పట్టీలు పెద్దగా ఉండవు. మన అకౌంట్స్‌కు కాస్త ఊపిరి ఆడేది ఆ నెలల్లోనే.

ఇక పని సంగతి. జూన్ జీఎస్టీఆర్-3బీ జులై 18కల్లా వేసేస్తాను. మొదటి త్రైమాసికం టీడీఎస్ రిటర్ను గడువు జులై 31 అయినా, వెళ్లేలోపే నేనే ఫైల్ చేస్తాను. ఈ ఏప్రిల్ నుంచి భాగస్తుల జీతం, వడ్డీ మీద కూడా 194టీ కింద టీడీఎస్ పడుతోంది కాబట్టి ఆ రిటర్ను ఇంకొకరి చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నేను లేనప్పుడు పడేవి ఇవి: ఆగస్టు 7, సెప్టెంబరు 7 టీడీఎస్ చెల్లింపులు, ఆగస్టు 11, సెప్టెంబరు 11 జీఎస్టీఆర్-1, ఆగస్టు 20 జీఎస్టీఆర్-3బీ. సెప్టెంబరు 7 ఆదివారం, అందుకని ఆ చలానా శుక్రవారమే కట్టేయమని చెప్పాను. ఇవన్నీ సుభాని చూసుకుంటాడు. జూన్ నెల జీఎస్టీఆర్-1ను నా పక్కన కూర్చోబెట్టి తనతోనే వేయిస్తాను.

తను జాగ్రత్తగా ఉండాల్సింది ఎగుమతి ఇన్‌వాయిస్‌ల దగ్గర. షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, పోర్టు కోడ్ కస్టమ్స్ రికార్డుతో కలవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా రీఫండ్ దగ్గర ఇబ్బంది పడతాం. ఈ మూడింటినీ విడి కాలమ్స్‌లో పెట్టి ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. చెన్నై ఏజెంటు పంపే కాపీ చూసి షీటు నింపాకే పోర్టల్లో ఎక్కించాలని సుభానికి గట్టిగా చెప్పాను. మీరూ ఒకమాట అంటే ఇంకా మంచిది.

మిగిలింది ట్యాక్స్ ఆడిట్. రిపోర్టు గడువు సెప్టెంబరు 30. మార్చి 31 నాటి స్టాకు వివరాలు, కోల్డ్ స్టోరేజీల నుంచి తెప్పించిన నిర్ధారణ పత్రాలు, కమీషన్ ఏజెంట్ల బాకీల జాబితా ఒకే ఫైల్లో పెట్టి జులై 19న లావణ్యకు అప్పగిస్తాను. ఆగస్టులో ఆడిటర్ గారి మనుషులు వచ్చినప్పుడు అడిగే వాటిలో చాలావరకు అందులోనే దొరుకుతాయి. దొరకనివి రాసి ఉంచితే, సెప్టెంబరు 15న వచ్చాక నాకు రెండు వారాల టైమ్ ఉంటుంది.

ఫోన్ గురించి ముందే చెబుతున్నాను సార్. ఆగస్టు 23 వరకు ప్రతి శనివారం సాయంత్రం 5 నుంచి 6 వరకు అందుబాటులో ఉంటాను. ఆ తర్వాత నాకు ఫోన్ చేయవద్దని అందరికీ చెప్పండి. ఎప్పుడైనా చేయండి అని ఇప్పుడు మాటవరసకు రాసి, అప్పుడు ఎత్తకపోతే బాగుండదు.

ఈ కాలంలో ఆదివారాలు, ఆగస్టు 15, ఆగస్టు 27 వినాయక చవితి తీసేస్తే పనిరోజులు 46. నా ఖాతాలో 22 ఆర్జిత సెలవులున్నాయి, అవి వాడుకోనివ్వండి. మిగతా 24 రోజులకు జీతం కోసుకోవచ్చు.

ఎనిమిది వారాలు మీకు బొత్తిగా కుదరకపోతే గ్రూప్ 1 ఒక్కటే రాస్తాను. అప్పుడు ఆగస్టు 11 నుంచి సెప్టెంబరు 8 వరకు ఇస్తే చాలు, 9న వచ్చేస్తాను. నాకు మాత్రం రెండూ రాయాలనే ఉంది. ఏదైనా జులై 12 శనివారంలోపు మీ మాట తెలియాలి. ఆలస్య రుసుము లేకుండా పరీక్ష దరఖాస్తుకు జులై 18 ఆఖరు, ఏ గ్రూపు రాస్తున్నామో అందులోనే చెప్పాలి.

ఐసీఏఐ ప్రకటన కాపీ దీనితో జత చేస్తున్నాను. దరఖాస్తు రసీదు కట్టిన రోజే ఇస్తాను, అడ్మిట్ కార్డు రాగానే దాని కాపీ వాట్సాప్‌లో పంపిస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
పి. శిరీష
సీనియర్ అకౌంట్స్ అసిస్టెంట్

జత: సెప్టెంబరు 2025 పరీక్షల ప్రకటన కాపీ, పనుల అప్పగింత పట్టిక (సుభాని, లావణ్య సంతకాలతో)