చెవి తెగిన రేడియో

తాతయ్య రేడియో మూగబోయి వారమైంది. కోసిన వరి పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. 1977 ఉప్పెన చూసిన దివిసీమ మనిషి ఆయన. ఆకాశాన్ని నమ్మడు. వాయుగుండం మాటేమీ లేదని విజయవాడ వార్తల్లో విన్నాకే కంటికి కునుకు. అవనిగడ్డలో బాగుచేసే అతను మూత తీసి చూసి, "దీని పని అయిపోయింది పెద్దాయనా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొనడానికి పనలు ముందు ఇంటికి చేరాలి కదా!

మధ్యాహ్నం అందరూ చేనికి వెళ్లాక, మంగ కూరగాయల కత్తి మొనతో రేడియో వెనక మూత విప్పింది. బ్యాటరీలు కారి, స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. బిందెలు తోమే చింతపండుతో రుద్ది, తడి లేకుండా తుడిచి, టార్చిలైటులోని బ్యాటరీలు తెచ్చి పెట్టింది.

'సుయ్...' మంది.

అంతే. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా ఒక్క స్టేషనూ లేదు. ఇంకొకరైతే మూత పెట్టేసేవారే. మంగ మాత్రం ఆ చప్పుడు వింటూ కూర్చుంది. నోరు బాగానే ఉంది, వినిపించడం లేదంటే దీనికి చెవి పోయి ఉండాలి. మరి రేడియోకు చెవి ఎక్కడుంటుంది?

విజయవాడ సరిగా పలకకపోతే తాతయ్య రేడియోను పక్కకు తిప్పేవాడు. అంటే దిక్కు తెలిసినదేదో లోపల ఉంది. పెట్టె పొడవునా పడుకున్న నల్లటి కడ్డీ, దాని చుట్టూ తీగ. ఆ తీగ కొస ఒకటి ఊడి గాలిలో వేలాడుతోంది, తలవెంట్రుక అంత సన్నగా. పక్కనే సీసపు చుక్క ఒకటి ఖాళీగా కనిపించింది.

కొసను ఆ చుక్కకు ఆనించింది. ఎవరో ఎరువుల గురించి మాట్లాడుతున్నారు! వేలు తీయగానే మళ్లీ 'సుయ్'.

కొసకున్న పూతను గోటితో మెల్లగా గీకింది. పొయ్యిలో మేకు ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టుకుని సీసానికి తాకించింది. మొదటిసారి చుక్క కరగలేదు, చూపుడువేలు మాత్రం కాలింది. రెండోసారి సీసం తళుక్కున మెరిసి తీగను మింగేసింది.

సాయంత్రం తాతయ్య గడపలోనే ఆగిపోయాడు. వార్తలు అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత కాలిన వేలు చూసి, "వెన్న రాసుకున్నావా?" అని మాత్రం అడిగాడు. రాత్రి ఊరంతా తిరిగి చెప్పింది కూడా ఆయనే.

మర్నాడు పక్కింటి సీతమ్మత్త తమ రేడియో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"గరగరమంటోందే, విప్పి చూడు."

మంగ కత్తి తీయలేదు. చెవి దగ్గర పెట్టుకుని, శబ్దం పెంచే మర ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది. తిప్పినప్పుడే గరగర, ఆపితే లేదు.

"ఈ మర లోపల దుమ్ము పట్టింది అత్తా. ఇలా కూర్చో, తీసేస్తాను."