ఏసీ సర్వీసు: వేసవి ముందు సెర్చ్ ప్రకటనల శీర్షికలు

గూగుల్ సెర్చ్ ప్రకటనలో శీర్షికకు హద్దు 30 క్యారెక్టర్లు, వివరణకు 90. గుణింతం, పొల్లు, సున్న, ఖాళీ అన్నీ లెక్కలోకే వస్తాయి. ‘సర్వీసు’ కంటికి మూడక్షరాలే, లెక్కకు 7. ‘వేసవి రాకముందే ఏసీ సర్వీసు చేయించుకోండి’ అన్న శీర్షిక మీకు నచ్చింది కానీ అది 39. ‘చేయించుకోండి’ ఒక్కటే 12 మింగేసింది. పక్కన ఉన్న అంకెలు నేను లెక్కపెట్టినవి. పిన్ అంటే శీర్షికను ఒకే స్థానానికి కట్టేయడం.

సర్వీసు కోసం వెతికేవారికి
ఎండలకు ముందే ఏసీ సర్వీసు – 24 (మొదటి స్థానంలో పిన్)
ఫిల్టర్ నుంచి డ్రెయిన్ దాకా – 27
స్ప్లిట్, విండో ఏసీల సర్వీసు – 28
రద్దీ మొదలవక ముందే పిలవండి – 26
ఈ వారమే సర్వీసు బుక్ చేయండి – 27

వివరణ: ఫిల్టర్ కడిగి, కాయిల్ శుభ్రం చేసి, డ్రెయిన్ పైపు ఊది, చల్లదనం కొలిచి చూపిస్తాం. – 79

చల్లదనం తగ్గినవారికి
ఏసీలో ఫ్యాన్ గాలేనా? – 20
ఏసీ గాలి చల్లగా లేదా? – 21
ఏసీ పైపు ఐసు కడుతోందా? – 22
లీకు ఆపాకే గ్యాస్ నింపుతాం – 26

వివరణ: గ్యాస్ దానంతట అది తరగదు. తగ్గిందంటే లీకు ఉన్నట్టే. అది మూసి, తర్వాతే నింపుతాం. – 78

నా మాట అడిగితే మొత్తంలో బలమైనది ఈ వివరణే. ఏటా గ్యాస్ నింపించుకుని విసిగిపోయినవారు దీని దగ్గర ఆగుతారు. అయితే మీ మెకానిక్‌లు నిజంగా లీకు వెతికితేనే పెట్టండి.

నీళ్లు కారేవారికి
ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయా? – 30 (సరిగ్గా సరిపోయింది, ముట్టుకోవద్దు)
డ్రెయిన్ పైపు శుభ్రం చేస్తాం – 28

వివరణ: గోడ వెంట నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు పూడి ఉండవచ్చు. వచ్చి చూస్తాం. – 69

వాసన, చప్పుడు
ఏసీ వేస్తే వాసన వస్తోందా? – 25
ఏసీ గరగరమంటోందా? – 16

అన్నిటికీ కలిపేవి
ఏసీ మెకానిక్ ఇంటికే వస్తారు – 27
మీరు చెప్పిన వేళకే వస్తాం – 25
ఖర్చు ముందే చెబుతాం – 19

వివరణ: ఏమి చేయాలో, ఎంత అవుతుందో ముందే చెబుతాం. మీరు సరేనన్నాకే పని మొదలు. – 66

లింకు దారి: ఏసీ-సర్వీసు – 11

ప్రశ్నలన్నిటినీ మొదటి స్థానానికే పిన్ చేయండి. లేకపోతే మూడు ప్రశ్నలు వరుసగా పడి పోలీసు విచారణలా ఉంటుంది. ఆశ్చర్యార్థకం శీర్షికల్లో ఒప్పుకోరు, ఫోన్ నంబరు ప్రకటన పాఠంలో ఎక్కడా ఒప్పుకోరు. నంబరును కాల్ బటన్‌కు ఇవ్వండి. ‘రద్దీ మొదలవక ముందే’, ‘ఈ వారమే’ అన్న రెండింటినీ ఫోన్లు ఎక్కువై రెండో రోజుకు తేదీ ఇవ్వలేని పరిస్థితి వచ్చిన పూటే ఆపేయండి. ‘చెప్పిన వేళకే’ అన్నది కూడా అప్పుడే తీసేయాలి.