గ్రహణ పదకోశం: అకారాది క్రమంలో

ఈ చేతిపుస్తకం మొదటి ముద్రణలో పదాల వివరణలు ఆరు పేరాల వ్యాసంగా ఉండేవి. గ్రహణం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా కథలా సాగినందువల్ల చదవడానికి అవి హాయిగా ఉండేవి గానీ, పరిశీలన మధ్యలో ఒక్క పదం అర్థం కావలసినవారు మొత్తం పేరాను వెదుక్కోవలసి వచ్చేది. అందుకే ఈ ముద్రణలో వాటిని అకారాదిగా మార్చాము. "దాని చుట్టూ ఉన్న పలుచని నీడ ఉపచ్ఛాయ" వంటి వాక్యాలు ముందు వాక్యం లేకుండా నిలబడవు కనుక, ప్రతి నిర్వచనాన్నీ దానంతట అదే అర్థమయ్యేలా తిరిగి రాశాము. సున్నతో కూడిన అక్షరం ముందు, గుణింతాలు ఆ తరువాత, సంయుక్తాక్షరాలు చివర వస్తాయి. 'చూ.' అన్నచోట ఆ పేరుతో ఉన్న వివరణను చూడాలి.

అమావాస్య: చంద్రుడు భూమికి, సూర్యుడికి నడుమ సూర్యుడి దిశలోనే ఉండే తిథి. సూర్యగ్రహణం ఈ తిథినాడే సంభవిస్తుంది. ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదో తెలియడానికి చూ. పాత బిందువులు.

ఉన్మీలనం: సంపూర్ణంగా మరుగున పడిన బింబం తిరిగి బయటపడడం మొదలయ్యే క్షణం. చూ. స్పర్శ.

ఉపచ్ఛాయ: సూర్యకాంతి కొంతమేరకే అడ్డగింపబడిన పలుచని నీడ. చంద్రుడి ఉపచ్ఛాయలో నిలిచినవారికి పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. చంద్రుడు భూమి ఉపచ్ఛాయలో మాత్రమే ప్రవేశించినప్పుడు కలిగే మసక చాలా స్వల్పం కనుక, మామూలుగా చూసేవారు దానిని గుర్తించలేరు.

కరోనా: సూర్యుడి వాతావరణంలోని వెలుపలి పొర. దీని ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలకు పైబడినా, వెలుగు చాలా తక్కువ కావడం వల్ల సంపూర్ణ గ్రహణ సమయంలోనే కంటికి ముత్యపు కాంతితో కనబడుతుంది.

కేతువు: చూ. పాత బిందువులు.

క్రాంతివృత్తం: ఏడాది పొడవునా నక్షత్రాల నడుమ సూర్యుడు సాగినట్లు కనిపించే మార్గం.

నిమీలనం: బింబం పూర్తిగా మరుగున పడే క్షణం. సంపూర్ణ దశ ఇక్కడ మొదలవుతుంది. చూ. స్పర్శ.

పాత బిందువులు: చంద్రుడి మార్గం క్రాంతివృత్తాన్ని ఖండించే రెండు బిందువులు. చంద్రుడు ఉత్తరానికి దాటే చోటు రాహువు, దక్షిణానికి దాటే చోటు కేతువు. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల అమావాస్యనాడో పౌర్ణమినాడో అతడు చాలాసార్లు క్రాంతివృత్తానికి పైగానో కిందుగానో దాటిపోతాడు. ఈ బిందువుల దగ్గర ఉన్నప్పుడే గ్రహణం సాధ్యం. పాత వ్యాసంలో ఈ విషయం మూడు చోట్ల చెదిరి ఉండేది; గ్రహణాలకు మూలమైన కారణం ఇదే కనుక అంతా ఇక్కడికే చేర్చాము.

ప్రచ్ఛాయ: సూర్యకాంతి నేరుగా ఏమాత్రం చేరని చిక్కటి నీడ. భూమి ప్రచ్ఛాయలో పూర్తిగా మునిగిన చంద్రుడు నల్లబడక రాగిరంగుకు తిరుగుతాడు. భూమి వాతావరణం గుండా వంగి వచ్చిన ఎర్రని కాంతి అతడిమీద పడడమే అందుకు కారణం.

బెయిలీ పూసలు: చంద్రుడి అంచున ఉన్న కొండల సందులనుంచి వెలువడే సూర్యకాంతి బిందువులు. 1836లో గ్రహణాన్ని చూసి వర్ణించిన ఫ్రాన్సిస్ బెయిలీ పేరు వీటికి నిలిచింది.

మోక్షం: గ్రహణం పూర్తిగా విడిచే క్షణం. చూ. స్పర్శ.

రాహువు: చూ. పాత బిందువులు.

వర్ణావరణం: సూర్యుడి కంటికి కనిపించే ఉపరితలానికి, కరోనాకు నడుమనున్న ఎర్రని పలుచటి పొర. సంపూర్ణ దశలో చంద్రుడి అంచు వెంబడి పొడుచుకు వచ్చే ఎర్రని నాలుకలను 1868 ఆగస్టు 18న పియర్ జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించి, అవి వాయుమయమని తేల్చాడు.

వలయ గ్రహణం: చంద్రుడు భూమికి దూరంగా ఉన్నప్పుడు బింబం చిన్నదిగా కనిపించి సూర్యుడిని పూర్తిగా కప్పలేకపోవడంతో, చుట్టూ వెలుగు వలయం మిగిలే సూర్యగ్రహణం. ఇందులో ఏ క్షణంలోనూ రక్షణ లేకుండా సూర్యుడిని చూడకూడదు.

సారోస్ చక్రం: ఒకేవిధమైన గ్రహణం మళ్లీ వచ్చే కాలవ్యవధి, 223 చాంద్రమాసాలు, అంటే సుమారు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలు. ఆ 8 గంటల్లో భూమి మూడోవంతు తిరగడం వల్ల తరువాతి గ్రహణం సుమారు 120 డిగ్రీలు పడమరగా కనిపిస్తుంది.

స్పర్శ: గ్రహణం మొదలయ్యే క్షణం, సూర్యగ్రహణంలో చంద్రబింబం సూర్యబింబాన్ని తాకే క్షణం. సంపూర్ణ గ్రహణం జరిగే వరుస ఇది: స్పర్శ, నిమీలనం, ఉన్మీలనం, మోక్షం. అకారాదిలో ఈ నాలుగూ వేరే వరుసలో పడి, మొదటిది చివరికి వచ్చింది. కాబట్టి సమయాలను నమోదు చేసేవారు ఈ వివరణలోని వరుసనే అనుసరించాలి.