ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ఆంధ్రప్రదేశ్ పత్రం: చిన్న అక్షరాలతో కలిపి చదివిన సారాంశం

ఉదయగిరి మండలంలోని సర్పంచులకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం.

కిందటి సమావేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 నుంచి ఒక అంకె చదివారు. మన రాష్ట్రంలో వెయ్యి మంది మగవాళ్ళకు 1,045 మంది ఆడవాళ్ళు ఉన్నారని. అందరం చప్పట్లు కొట్టాం. ఆ వెంటనే ఆడపిల్లల పుట్టుక మీద మాట్లాడాల్సిన అంశాన్ని "ఇంకెందుకులే" అని పక్కన పెట్టేశాం. ఇంటికి వెళ్ళి ఆ పత్రం తెరిచి చూశాను. అంకె నిజమే. కానీ దాని కింది వరుసలో ఇంకో అంకె ఉంది, 934. దాన్ని ఎవరూ చదవలేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే పత్రం మొత్తాన్ని, పట్టికల కింద చిన్న అక్షరాల్లో రాసినవాటితో సహా చదివి ఈ సారాంశం రాస్తున్నాను. మన పనికి ముఖ్యమైన వరుసలే తీసుకున్నాను.

ముందు ఆ రెండు అంకెల సంగతి.

1,045 అనేది అన్ని వయసుల వాళ్ళనూ కలిపి వేసిన లెక్క. సర్వే వాళ్ళు వచ్చిన రోజుకు ముందు రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో వాళ్ళే ఈ లెక్కలోకి వస్తారు. మన ఊళ్ళలో ఇది ఎలా పని చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటి మగమనిషి బెంగళూరులో బేల్దారి పనిలో ఉంటాడు, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఇంట్లో అత్త, కోడలు, మనవరాలు. ఆ రాత్రి లెక్కకు ముగ్గురు ఆడవాళ్ళు, మగవాళ్ళు సున్నా. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్ళు మన రాష్ట్రం లెక్కలోకి రారు. సైట్ల దగ్గర షెడ్లలో, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు కుటుంబాల సర్వేకు చిక్కేదే తక్కువ. పైగా ముసలితనంలో ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ఎక్కువ కాలం బతుకుతారు. ఇవన్నీ కలిసిన అంకె అది. ఆడపిల్లను కడుపులో కాపాడుతున్నామా లేదా అన్నది దానిలో కనిపించదు.

అది చెప్పేది 934. సర్వేకు ముందు అయిదేళ్ళలో పుట్టిన పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 934 మంది ఆడపిల్లలు. ఎవరూ జోక్యం చేసుకోకపోతే మామూలుగా వెయ్యికి 950 దాకా ఉంటారు. దేశం మొత్తానికీ ఇదే కథ. 1,020 అని పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది, పుట్టుకలో మాత్రం 929. కాబట్టి మనం పక్కన పెట్టిన అంశాన్ని మళ్ళీ ఎజెండాలో పెట్టమని సర్పంచ్‌లను చేతులెత్తి అడుగుతున్నాను.

ఇక పత్రం మీద రాసిన సంవత్సరాలు. 2019-21 అని ఉంటుంది. అది చూసి కరోనా తర్వాత మన పిల్లల పరిస్థితి ఇదీ అని కొందరు మాట్లాడుతున్నారు. లోపల ముందుమాటలో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు తిరిగింది 2019 జులై 2 నుంచి నవంబర్ 14 వరకు. అంటే మన రాష్ట్రం అంకెలన్నీ కరోనా రాకముందువే. 2021 అన్నది వేరే రాష్ట్రాల్లో రెండో విడత పూర్తయిన సంవత్సరం. లాక్‌డౌన్ రోజుల్లో అంగన్‌వాడీలు మూతపడ్డప్పుడు పిల్లల బరువు ఏమైందో ఈ పత్రం చెప్పలేదు.

రక్తహీనత గురించి అందరూ భయపడుతూ చదివే అంకె 58.8 శాతం. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అంత మందికి రక్తం తక్కువని. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం. టెన్షన్ పడాల్సిన అంకెలే. అయితే 58.8 శాతం మందీ ప్రమాదంలో ఉన్నారని చెప్పకండి. గర్భిణి కాని ఆడమనిషికి హీమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే ఈ లెక్కలోకి వస్తుంది. గర్భిణికి, చిన్నపిల్లలకు గీత 11. పదకొండున్నర ఉన్న కోడలూ, ఏడు ఉన్న కోడలూ ఈ ఒక్క అంకెలోనే ఉన్నారు. మన చేతిలో ఉన్న మాత్రలు, మన సమయం ఎవరి దగ్గరికి ముందు పోవాలో ఈ శాతం చూసి తేల్చలేం. ఏడు ఉన్న మనిషి ఎవరో మన దగ్గరే తేలాలి.

దాని కిందే ఇంకో మాట చిన్న అక్షరాల్లో ఉంది. ఈ సర్వేలో వేలు గుచ్చి తీసిన రక్తంతో పరీక్ష చేశారు, కాబట్టి నరంలోంచి తీసిన రక్తంతో చేసిన వేరే సర్వేలతో వీటిని పోల్చనక్కర్లేదని. పీహెచ్‌సీ ల్యాబ్‌లో వచ్చిన శాతాన్ని దీని పక్కన పెట్టి "మా దగ్గర తగ్గిపోయింది" అనో "పెరిగిపోయింది" అనో రిపోర్టు రాయడం సరికాదు. నేనూ ఒకసారి అలా రాశాను. అప్పటికి ఈ గీత చదవలేదు.

ఆపరేషన్ కాన్పుల అంకె దగ్గర ఎక్కువ గందరగోళం జరుగుతోంది. పత్రంలో మూడు అంకెలు ఉన్నాయి. మొత్తం 42.4 శాతం, ప్రైవేటులో 63.0, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6. ఈ మూడూ మూడు వేరు వేరు వందల మీద లెక్క. 63 అన్నది ప్రైవేటు ఆసుపత్రిలో జరిగిన కాన్పుల్లో వందకు. మొత్తం కాన్పుల్లో వందకు కాదు. నేను ఇలా కూడి చూశాను. వంద కాన్పుల్లో సుమారు 50 ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగాయి, వాటిలో 13 ఆపరేషన్లు. సుమారు 46 ప్రైవేటులో, వాటిలో 29 ఆపరేషన్లు. మిగిలిన కొన్నీ ఇళ్ళ దగ్గర. 13, 29 కలిపితే 42. అంటే ప్రైవేటు వైపు ఆపరేషన్లు రెట్టింపుకు మించే ఉన్నాయి. కష్టమైన కాన్పుల్లో ఎన్ని ఏ వైపు వెళ్ళాయో పట్టికలో లేదు కాబట్టి అవన్నీ అనవసరం అని మనం అనలేం. ఇంకొకటి, ఇవి ఒక్క ఏడాది కాన్పులు కావు, సర్వేకు ముందు అయిదేళ్ళవి.

బాల్యవివాహాలు 29.3 శాతం. ఈ అంకెను ఇప్పుడు జరుగుతున్న పెళ్ళిళ్ళలో వందకు 29 అని చదవకూడదు. 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు అని వరుసలోనే రాసి ఉంది. 2019లో ఆ వయసున్నవాళ్ళకు 18 నిండింది సుమారు 2013 నుంచి 2017 మధ్య. కాబట్టి ఇది వెనక్కి చూపించే అద్దం. ఇవాళ పదో తరగతి మానేసిన పిల్ల ఆ లెక్కలో లేదు. దగ్గరగా చూడాలంటే 15 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో అప్పటికే తల్లి అయినవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు 12.6 శాతం అన్న వరుస చూడండి. నన్ను ఎక్కువ బాధపెట్టిన వరుస అది. పెళ్ళయి ఇంకా కడుపు పండని పిల్లలు అందులో లేరు కాబట్టి ఆ వయసులో పెళ్ళయినవాళ్ళ అసలు సంఖ్య ఇంకా పెద్దది.

అక్షరాస్యత వరుస చిన్నదే కానీ మన పనిమీద ప్రభావం ఉంది. ఆడవాళ్ళలో 68.6 శాతం అక్షరాస్యులు. గుర్తు పెట్టి కింద రాసింది ఏమిటంటే, తొమ్మిదో తరగతి పూర్తి చేసినవాళ్ళు, లేదా ఒక వాక్యం మొత్తం గానీ వాక్యంలో కొంత భాగం గానీ చదవగలిగినవాళ్ళు. "అమ్మ అన్నం" దాకా చదివి ఆగిపోయిన తల్లి కూడా అక్షరాస్యురాలే. మనం ఇచ్చే పాంఫ్లెట్ చదివి ఆమె అర్థం చేసుకుంటుందని అనుకుంటే మోసపోతాం. ఇంటర్నెట్ వాడినవాళ్ళు 21 శాతం అన్నది కూడా "ఎప్పుడైనా ఒక్కసారి" వాడినవాళ్ళు, రోజూ వాడేవాళ్ళు కాదు.

మరుగుదొడ్ల విషయంలో తప్పు రెండో వైపు జరుగుతోంది. మెరుగైన మరుగుదొడ్డి వాడే ఇళ్ళలో ఉన్న జనాభా 77.3 శాతం అంటే మిగతా 22.7 శాతం బయటికి వెళ్తున్నట్టేనా అని ఒక సర్పంచ్‌గారు అడిగారు. కాదండీ. కింద నిర్వచనంలో "వేరే ఇంటితో కలిసి వాడనిది" అని ఉంది. అన్నదమ్ములు విడిపోయి ఒకటే దొడ్డి వాడుకుంటుంటే, అది ఎంత బాగున్నా ఈ 77లోకి రాదు. బయటికి వెళ్ళేవాళ్ళు ఆ మిగతాలో ఒక భాగం మాత్రమే.

ఇప్పుడు అసలు హెచ్చరిక. రాష్ట్రం మొత్తంలో మాట్లాడింది 11,346 ఇళ్ళలో, 10,975 మంది ఆడవాళ్ళతో, 1,558 మంది మగవాళ్ళతో. అప్పటికి 13 జిల్లాలు. భాగిస్తే జిల్లాకు సగటున సుమారు 840 మంది ఆడవాళ్ళు, 120 మంది మగవాళ్ళు. మగవాళ్ళ అంకెలు, భర్త చేతిలో హింస అంకె రాష్ట్రానికే ఇచ్చారు. జిల్లాకు ఇవ్వడానికి ఆ సంఖ్య చాలదు. జిల్లా పత్రాల్లో కొన్ని అంకెలు బ్రాకెట్లో కనిపిస్తాయి. అంటే ఆ శాతం 25 నుంచి 49 మంది మీద మాత్రమే వచ్చింది. నక్షత్రం గుర్తు ఉంటే 25 మంది కూడా లేరు, అందుకే అంకె వేయలేదు. నక్షత్రాన్ని సున్నా అని చదవకండి. మన మండలానికి విడిగా అంకె అసలు లేదు.

పత్రంలో ఉన్న మన నెల్లూరు జిల్లా కూడా ఇప్పటి జిల్లా కాదు. సర్వే నాటి నెల్లూరు జిల్లాలో గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి ఉన్నాయి. కందుకూరు అప్పుడు ప్రకాశంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న హద్దులు మారాయి. పేరు ఒకటే అయినా 2019 నెల్లూరును, ఆ మార్పు తర్వాతి నెల్లూరును పోల్చి పెరిగింది, తగ్గింది అనడానికి లేదు.

వచ్చే సమావేశానికి టీచర్లు, ఆశా అక్కలు జనన రిజిస్టర్లు తీసుకురండి. గడిచిన అయిదేళ్ళలో ఊరివారీగా పుట్టిన మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అని పేర్లు లేకుండా రాసుకొస్తే చాలు. ఒక్క ఊరిలో ఏడాదికి పుట్టేది ఇరవై ముప్పై మందే కాబట్టి ఊరు ఊరుకీ తేడా రావడం సహజం, ఏ ఊరినీ వేలెత్తి చూపడం లేదు. అన్ని ఊళ్ళూ, అయిదేళ్ళూ కలిపి కూడదాం. రిజిస్టర్‌లో పేజీ పోయినా, ఏడాది తప్పినా ఆ మాట పట్టిక కింద రాయండి. చదివేటప్పుడు ఆ గీతనూ గట్టిగా చదువుతాను.

ఇట్లు,
సెక్టార్ సూపర్‌వైజర్, ఉదయగిరి