ప్రామిసరీ నోటు, రశీదు

ప్రామిసరీ నోటు

రూ.2,40,000
తిరుపతి, తేది: 05-06-2025

చిత్తూరు మురకంబట్టులో కాపురం ఉండే దొరస్వామి గారి కుమారుడు, మా మేనమామ మునిరత్నం గారికి, తిరుపతి కొర్లగుంటలో కాపురం ఉండే గోవిందయ్య కుమారుడు సుబ్రమణ్యం (వయసు 34) వ్రాసి ఇచ్చిన ప్రామిసరీ నోటు. ఏమనగా:

నా టిఫిన్ అంగడి ఖర్చుల నిమిత్తం మీ వద్ద ఈ దినం అప్పుగా పుచ్చుకున్నది రూ.2,40,000, అక్షరాలా రెండు లక్షల నలభై వేల రూపాయలు మాత్రమే. ఈ మొత్తాన్ని నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీతో సహా, మీరు కోరినప్పుడు మీకు గానీ మీ ఆర్డరు పొందిన వారికి గానీ చెల్లించి, ఈ నోటుపై చెల్లు వ్రాయించుకోగలవాడను.

(ఒక రూపాయి రెవెన్యూ స్టాంపుపై సంతకం)
సం/- సుబ్రమణ్యం
స్వదస్తూరి
సాక్షులు: సం/- హరినాథ్, సం/- లోకనాథం

రశీదు, చెల్లింపు ఒప్పందం

తిరుపతి, తేది: 05-06-2025

మామా,

పై నోటు తాలూకు రూ.2,40,000 ఈ ఉదయం మీ బ్యాంకు ఖాతా నుంచి నెఫ్ట్ ద్వారా నా ఖాతాలో జమ అయింది. నగదుగా ఏమీ పుచ్చుకోలేదు.

తీర్చే పద్ధతి ఇది. అసలు నెలకు రూ.10,000 చొప్పున 24 కిస్తీలు. మొదటిది 05-07-2025న, చివరిది 05-06-2027న. వడ్డీ మిగిలిన అసలు మీదే కడతాను గనక మొదటి నెల రూ.12,400, తర్వాత నెలనెలా వంద తగ్గుతూ ఆఖరి నెల రూ.10,100. మొత్తం వడ్డీ రూ.30,000. వడ్డీ మీద వడ్డీ లేదు.

ప్రతి కిస్తీ మీ ఖాతాకే వేస్తాను. అమ్మ చేతికో, అత్త చేతికో ఇచ్చిన డబ్బు, పెళ్ళిళ్ళలో చదివించింది, పండగకు పెట్టింది ఈ బాకీలో జమ కాదు. ఈ మాట ముందే రాసుకోవడం ఇద్దరికీ మంచిది. ఆరు నెలలకోసారి నోటు వెనక జమలు తేదీలతో రాసి ఇద్దరం సంతకం చేస్తాం.

ముందుగా తీర్చేస్తే ఆ రోజు వరకే వడ్డీ. అంగడి సరిగా నడవక ఒక కిస్తీ తప్పితే మరుసటి నెల రెండూ కలిపి కడతాను. వరసగా రెండు తప్పితే మిగిలిందంతా ఒకేసారి అడిగే హక్కు మీది. కిస్తీలు నడుస్తున్నంత కాలం నోటు మీద అడగనని మీరు ఒప్పుకున్నారు. నాకేమైనా అయితే నా వారసులు నా ఆస్తి మేరకు తీర్చాలి.

బాకీ తీరిన రోజే చెల్లు రాసి అసలు నోటు నాకు తిరిగి ఇవ్వాలి.

(ఒక రూపాయి రెవెన్యూ స్టాంపుపై సంతకం)
సం/- సుబ్రమణ్యం

పై షరతులు చదువుకున్నాను, సమ్మతమే. అసలు నోటు నా దగ్గర, ఈ రశీదు నకలు సుబ్రమణ్యం దగ్గర ఉన్నాయి.
సం/- మునిరత్నం

సాక్షులు: సం/- హరినాథ్, సం/- లోకనాథం