వరద మూడో రోజు: మూడు పునరావాస కేంద్రాల్లో ఆరోగ్య పరిస్థితి, వెంటనే కావాల్సినవి, రోజూ చేయాల్సిన లెక్క

పంచాయతీ సెక్రటరీ గారికి, వీఆర్వో గారికి, మన పీహెచ్‌సీ ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, హెల్త్ సూపర్‌వైజర్ గారికి.

భద్రాచలం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు దాటింది, మన వైపు లోతట్టు ఊళ్ళన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పటితో పోల్చి "ఈసారి పర్లేదు" అంటున్నారు కొందరు. నది మట్టం సంగతి అలా ఉంచండి, శిబిరంలో జబ్బులు రావడానికి అంత వరద అక్కర్లేదు. ఈరోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా మూడు చోట్లా తిరిగి చూసింది రాస్తున్నా. అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, పక్కా సర్వే కోసం ఆగే టైం లేదు.

హైస్కూల్లో 412 మంది, ఆశ్రమ పాఠశాలలో 186, గుట్ట మీద టార్పాలిన్ల కింద సుమారు 140. మొత్తం 738 అనుకుందాం. ఐదేళ్ళ లోపు పిల్లలు 67 మంది, గర్భిణులు 9 మంది.

ముందు హైస్కూలు గురించి, ఎందుకంటే నా టెన్షన్ అంతా దాని మీదే. నిన్న 3 విరేచనాల కేసులు, ఈరోజు కొత్తగా 7. అందులో ఐదుగురి ఇళ్ళవాళ్ళు వంటషెడ్డు వెనక ఉన్న చేతిపంపు నీళ్ళే తాగారు. ఆ పంపు చప్టా రెండు రోజులు మునిగే ఉంది, హ్యాండిల్ వరకూ బురద గీత ఇంకా కనిపిస్తోంది. ట్యాంకరు వస్తోంది కదా మరి అంటే, రోజుకి ఒక్క ట్రిప్పు, 5 వేల లీటర్లు. మనిషికి తాగడానికి, వంటకి, కడుక్కోవడానికి కలిపి కనీసం 15 లీటర్లు వేసుకున్నా ఇక్కడే 6 వేలు పైన కావాలి. పైగా ఆ ట్యాంకరు నీళ్ళలో క్లోరోస్కోప్ చుక్కలు వేస్తే అసలు పసుపు రంగే రాలేదు, అంటే క్లోరిన్ సున్నా. పంపు హ్యాండిల్ తీయించేశాం. సెక్రటరీ గారూ, ట్యాంకరు నింపేటప్పుడే బ్లీచింగ్ కలిపించండి, అరగంట ఆగాక కుళాయి దగ్గర మా మనిషి చూస్తారు, 0.5 రాకపోతే ఆ నీళ్ళు పంచొద్దు. రెండో ట్రిప్పు రేపటి నుంచే కావాలి.

మరుగుదొడ్లు నాలుగే పనిచేస్తున్నాయి, అంటే ఒక్కోదానికి నూరు మంది పైనే. ఇలాంటి టైంలో కనీసం 50 మందికి ఒకటి చూసుకున్నా ఇంకో ఐదు కావాలి. మగవాళ్ళని అడిగితే "ఇబ్బందేం లేదు సార్" అన్నారు. ఆడవాళ్ళని పక్కకి తీసుకెళ్ళి అడిగితే అసలు విషయం తెలిసింది: రాత్రి చీకట్లో వెళ్ళాల్సి వస్తుందని సాయంత్రం నుంచి చాలామంది మంచినీళ్ళే తాగడం లేదు, వాళ్ళలో ముగ్గురు గర్భిణులు. ముందు ఆ దారిలో రెండు లైట్లు పెట్టించండి, లోపలి గడియలు బాగు చేయించండి, శానిటరీ ప్యాడ్లు ఆశా దగ్గర ఉంచండి. కొత్త దొడ్లు కట్టే లోపు ఇది ఈ రాత్రికే అయ్యే పని.

ఆశ్రమ పాఠశాల బాగానే ఉంది, బోరు మోటరుకి జనరేటర్ డీజిల్ ఆగకుండా చూస్తే చాలు. గుట్ట మీద దొడ్లే లేవు. వంట, పడక అన్నీ ఒకే చోట. నీళ్ళ ఊటకి దిగువగా, దూరంగా మూడు గుంతల దొడ్లు తవ్వించాలి.

మూడు చోట్లా కలిపి బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు 58 మంది. వాళ్ళలో 23 మంది బిళ్ళలు ఇంట్లోనే వదిలేసి వచ్చారు. ఇద్దరు టీబీ మందులు వాడుతున్నారు, ఒక అబ్బాయికి మూర్ఛ మందు రేపటితో అయిపోతుంది. డయాలసిస్ పేషెంట్ ఒకాయన ఉన్నారు, పొద్దున్నే మొదటి పడవలో ఆయన్ని, నెలలు నిండిన ఇద్దరు గర్భిణుల్ని ఏరియా ఆసుపత్రికి పంపేయాలి. భోజనం ప్యాకెట్లు తెచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, మందులు తెచ్చేవాళ్ళే లేరు, దాతలు ఫోన్ చేస్తే ఇది చెప్పండి.

పాము కాటుకి మందు మన పీహెచ్‌సీలో 14 వయల్సే ఉంది, ఒక్క మనిషికి మొదటి డోసే 10. ఇండెంట్ ఈ రాత్రికే పెడుతున్నా. నీళ్ళు తీశాక ఇల్లు కడగడానికి వెళ్ళేవాళ్ళకి కర్ర, టార్చి, చెప్పులు, కరెంటు మెయిన్ ఆపడం, ఇవి నాలుగూ చెప్పి పంపండి.

ఏది ఎప్పుడు వస్తుందో కూడా తెలిసి ఉంటే మంచిది. విరేచనాలు ఇప్పుడే మొదలయ్యాయి. దగ్గు, జ్వరాలు, గజ్జి, కాళ్ళ వేళ్ళ మధ్య పాచిపోవడం ఈ వారమే. వారం రెండు వారాల్లో దోమలు పెరిగి మలేరియా, డెంగీ వస్తాయి, మనది ఏజెన్సీ కాబట్టి ఏ జ్వరమైనా ఆ రోజే కిట్‌తో రక్తపరీక్ష. బురదలో తిరిగినవాళ్ళకి జ్వరంతో పిక్కల నొప్పులు, ఎర్రటి కళ్ళు ఉంటే ఎలుక జ్వరం అనుమానించి నాకు పంపండి. డాక్సీ బిళ్ళలు గంపగుత్తగా పంచొద్దు, గర్భిణులకి, చిన్నపిల్లలకి అసలే వద్దు. కామెర్లు నెల దాటాక కూడా రావచ్చు, అప్పటికి అందరం వరద మర్చిపోయి ఉంటాం. గర్భిణికి కామెర్లు వస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆలస్యం చేయొద్దు. తట్టు టీకా కార్డులు చాలా ఇళ్ళలో నీళ్ళపాలయ్యాయి, కాబట్టి ఏఎన్ఎం రిజిస్టర్లో చూసి, అక్కడా లేకపోతే వేయనట్టే లెక్క.

ఇక రోజువారీ లెక్క. పెద్ద ఫారాలు ఏమీ వద్దు, కేంద్రానికి ఒక నోట్‌బుక్, ఒక బాధ్యురాలు. సాయంత్రం 5 గంటలకి నాకు ఒక్క మెసేజ్, ఇలా:

"హైస్కూలు. ఉన్నవాళ్ళు 412. నీళ్ళ విరేచనాలు 7, ఐదేళ్ళ లోపు 3. రక్త విరేచనాలు 0. జ్వరం 11, కిట్ పరీక్ష 11, మలేరియా 0. జ్వరంతో దద్దుర్లు 0. కామెర్లు 0. దగ్గు, ఆయాసం 4. పాము కాటు, గాయాలు 2. మరణాలు 0. క్లోరిన్ లేదు."

కొత్త కేసులే రాయాలి, నిన్నటి బిడ్డని మళ్ళీ లెక్కపెట్టొద్దు. 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు పల్చగా అయితేనే విరేచనాల కేసు. ఏమీ లేకపోయినా సున్నా అని పంపాలి, మెసేజ్ రాకపోతే జబ్బు లేదనుకోను, చూడలేదనుకుంటా. ఎంతమంది ఉన్నారన్నది రోజూ మళ్ళీ లెక్కపెట్టండి, పడవల్లో వస్తున్నారు పోతున్నారు, అది తెలియకపోతే 7 కేసులు ఎక్కువో తక్కువో ఎలా చెప్తాం? పేరు, వయసు, ఏ ఊరు, ఏ నీళ్ళు తాగారు అన్నది నోట్‌బుక్‌లోనే ఉంచండి, వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు పెట్టకండి. వీటినే ఎస్ ఫారంలోకి సూపర్‌వైజర్ గారు ఎక్కిస్తారు.

సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాల్సినవి: ఒక్క తట్టు అనుమానం, ఐదేళ్ళు దాటినవాళ్ళకి బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనాలై నీరసించిపోవడం, పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోవడం, కామెర్లు, ఏ మరణమైనా, నిన్నటికి ఈరోజుకి కేసులు రెట్టింపు కావడం. ఆ లెక్కన హైస్కూల్లో అలారం ఇప్పటికే మోగింది. యాంటీబయాటిక్ మొదలెట్టక ముందే రెండు మూడు మల నమూనాలు తీయండి. ఓఆర్ఎస్ మూల 24 గంటలూ నడవాలి, పిల్లలకి జింక్ 14 రోజులకీ సరిపడా ఇచ్చేయండి.

రేపు ఉదయం 7కి రేవు దగ్గర పడవ. ముందు పేషెంట్లు ఎక్కుతారు, వచ్చేటప్పుడు అదే పడవలో బ్లీచింగ్, బీపీ షుగర్ మందులు, పాము కాటు మందు. విజిటర్లు ఎవరైనా ఉంటే రెండో పడవ చూసుకోమనండి.